ట్యాప్ నంబరు 9, మాత్రికలో మూడు గళ్లు

132/33 కె.వి. సబ్‌స్టేషన్‌లో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒంటికి ఒక ఇనుప పెట్టె బిగించి ఉంటుంది. దాని చిన్న అద్దం వెనక ఒక అంకె కనిపిస్తుంది. లోడు పెరిగి 33 కె.వి. వైపు వోల్టేజి దిగజారుతుంటే ఆపరేటర్ బటన్ నొక్కుతాడు. పెట్టెలో మోటారు తిరుగుతుంది, అంకె ఒకటి మారుతుంది, ఫీడర్లలో వోల్టేజి కాస్త లేస్తుంది. ఆ అంకే ట్యాప్ పొజిషన్. మన దగ్గర తరచుగా కనిపించే ఒక అమరికలో 17 పొజిషన్లుంటాయి, ఒక్కో మెట్టు 1.25 శాతం. 5వ నంబరు నార్మల్ ట్యాప్. 1వ నంబరులో హై వోల్టేజి వైండింగు 5 శాతం ఎక్కువ చుట్లతోనూ, 17వ నంబరులో 15 శాతం తక్కువ చుట్లతోనూ పనిచేస్తుంది. అంటే 9వ నంబరులో ఉన్నప్పుడు చుట్లు 5 శాతం తగ్గాయన్నమాట. ఆ వైండింగు ఇప్పుడు 132 కె.వి.ది కాదు, 125.4 కె.వి.ది.

ఆపరేటర్ పని అక్కడితో అయిపోతుంది. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో కూర్చుని, ఏ లైన్‌లో ఎంత కరెంటు పోతోంది, ఏ బస్ దగ్గర వోల్టేజి ఎంతుంది అని లెక్కకట్టే ఇంజనీరుకు ఆ 9 అనే అంకె తన లెక్కలో ఎక్కడ కూర్చోవాలో తెలియాలి. అది కూర్చునే చోటే బస్ అడ్మిటెన్స్ మాత్రిక. ఇంజనీర్లు ముద్దుగా వై-బస్ అంటారు. ట్రాన్స్‌ఫార్మర్ నార్మల్ ట్యాప్‌లో ఉంటే ఈ మాత్రిక కట్టడం కూడికలు, తీసివేతలు వచ్చిన పిల్లవాడికైనా నేర్పొచ్చు. ట్యాప్ కదిలితే మాత్రం ఒక చిన్న మెలిక వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కు సంబంధించిన నాలుగు గళ్లలో ఒకటి ట్యాప్ వర్గంతో, రెండు ట్యాప్‌తో మారతాయి, నాలుగోది అసలు చలించదు. ఎందుకలా అన్నది పట్టుబడితే మిగతాదంతా మామూలు పనే.

ముందుగా ట్యాప్ సంగతి పక్కనపెట్టి మాత్రికనే చూద్దాం. బస్ అంటే లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చి కలిసే చోటు. ఇంపీడెన్స్ అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, అడ్మిటెన్స్ దానికి తలకిందులు, అంటే కరెంటుకు దొరికే వీలు. ప్రతి బస్ దగ్గరా ఒకే నియమం ఉంటుంది: బయటి నుంచి బస్‌లోకి వచ్చిన కరెంటు అంతా దానికి తగిలించిన దారుల్లోంచి బయటికి పోవాలి. ఒక్కో దారిలో పోయే కరెంటు రెండు కొసల వోల్టేజిల తేడాను ఆ దారి అడ్మిటెన్స్‌తో గుణిస్తే వస్తుంది. ఈ సమీకరణాలను బస్సుకొకటి చొప్పున ఒకదాని కింద ఒకటి రాసి, వోల్టేజిల ముందున్న గుణకాలను గళ్లలో పేరిస్తే వై-బస్ తయారవుతుంది. వికర్ణం మీది గడిలో ఆ బస్‌కు తగిలిన అడ్మిటెన్స్‌ల మొత్తం, రెండు బస్‌ల మధ్య గడిలో వాటిని కలిపే అడ్మిటెన్స్ మైనస్ గుర్తుతో. రెండు బస్‌ల మధ్య నేరుగా దారి లేకపోతే ఆ గడి సున్నా. అంతకుమించి రహస్యమేం లేదు.

మూడు బస్‌ల వ్యవస్థనొకదాన్ని తీసుకుందాం. 1వ బస్ 132 కె.వి. సరఫరా చోటు. అక్కడి నుంచి 132 కె.వి. లైన్ 2వ బస్‌కు వస్తుంది. 2వ బస్ నుంచి 50 ఎం.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 33 కె.వి. ఉన్న 3వ బస్‌కు దిగుతాం.

రెండు వోల్టేజి స్థాయిలున్న చోట ఓముల్లో లెక్కకడితే గందరగోళం తప్పదు. అందుకే పర్ యూనిట్ పద్ధతి: ఒక్కో స్థాయికి ఒక ప్రమాణం ఎంచుకుని, అన్నింటినీ దానిలో ఎన్నో వంతో చెప్పడం. ఇక్కడ 100 ఎం.వి.ఎ., 132 కె.వి., 33 కె.వి. ప్రమాణాలు. 132 కె.వి. వైపు ఒక యూనిట్ ఇంపీడెన్స్ అంటే 174.24 ఓములు. లైన్ రియాక్టెన్స్ 0.1 అనుకుందాం, అంటే 17.4 ఓములు. కిలోమీటరుకు 0.4 ఓము చొప్పున చూస్తే దాదాపు 44 కిలోమీటర్ల లైన్. దాని అడ్మిటెన్స్ -j10. ఈ j కరెంటు వోల్టేజికి పావు ఆవర్తనం అటో ఇటో జరిగి ఉందని చెప్పే గుర్తు. కాయిల్ స్వభావమైతే మైనస్, కెపాసిటర్ స్వభావమైతే ప్లస్. లైన్‌కు భూమితో ఉండే కెపాసిటెన్స్ వల్ల రెండు కొసల్లోనూ చెరి j0.01 చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్ దాని సొంత సామర్థ్యం మీద 12.5 శాతం, 100 ఎం.వి.ఎ. మీదికి మారిస్తే 0.25. అడ్మిటెన్స్ -j4. రెసిస్టెన్స్‌లను వదిలేశాను. అసలు లెక్కలో అవీ ఉంటాయి, కానీ పద్ధతిలో తేడా రాదు.

నార్మల్ ట్యాప్‌లో ఉంటే పర్ యూనిట్ పద్ధతి ఒక గమ్మత్తు చేస్తుంది. 132/33 నిష్పత్తి ప్రమాణాల్లోనే ఇమిడిపోతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మాయమై -j4 అడ్మిటెన్స్ ఉన్న ఒక మామూలు తీగలా మిగులుతుంది. మాత్రిక ఇది:

```
        బస్ 1       బస్ 2       బస్ 3
బస్ 1   -j9.99      j10         0
బస్ 2   j10         -j13.99     j4
బస్ 3   0           j4          -j4
```

ఇప్పుడు ట్యాప్‌ను 9వ నంబరుకు కదుపుదాం. ప్రమాణాలు 132/33 అనే అంటున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం 125.4/33 అంటోంది. ఈ రెండింటి మధ్య మిగిలిన తేడాయే ఆఫ్-నామినల్ నిష్పత్తి, a = 0.95. ఇలాంటి నిష్పత్తి ట్యాప్ కదిలితేనే పుట్టాలని లేదు. మన వీధిలో స్తంభాల మీదుండే ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ మీద 11 కె.వి./433 వోల్టులు అని ఉంటుంది. లో టెన్షన్ వైపు ప్రమాణం 415 వోల్టులుగా పెట్టుకుంటే, ట్యాప్ ముట్టుకోకుండానే a = 415/433, అంటే 0.958 అవుతుంది.

0.95 మాత్రికలోకి ఎలా వస్తుందో చూడాలంటే ట్రాన్స్‌ఫార్మర్‌ను రెండుగా విడదీసి ఊహించుకోవాలి. 2వ బస్‌ను ఆనుకుని నష్టం, అడ్డు ఏమీ లేని ఒక ఆదర్శ ట్రాన్స్‌ఫార్మర్, నిష్పత్తి a:1. దాని తర్వాత -j4 అడ్మిటెన్స్, ఆ తర్వాత 3వ బస్. రెండింటి నడుమ ఉన్న ఊహా బిందువు దగ్గర వోల్టేజి V2/a, అంటే 2వ బస్ వోల్టేజికి కాస్త ఎక్కువ. కాబట్టి -j4 గుండా 3వ బస్ వైపు పోయే కరెంటును V2, V3ల తేడా నిర్ణయించదు, V2/a, V3ల తేడా నిర్ణయిస్తుంది. ట్యాప్ మొదటిసారి లెక్కలోకి దిగింది ఇక్కడ.

రెండోసారి కరెంటు దగ్గర. ఆదర్శ ట్రాన్స్‌ఫార్మర్ శక్తిని దాచుకోదు, పుట్టించదు. వోల్టేజిని ఎంత పెంచిందో కరెంటును అంత తగ్గించాలి. అవతల వైపు ఒక యూనిట్ కరెంటు పోవాలంటే 2వ బస్ నుంచి 1/a యూనిట్లు, అంటే 1.0526 తీసుకోవాలి. ఇక రాయడమే. y అంటే ట్రాన్స్‌ఫార్మర్ అడ్మిటెన్స్:

```
I2 =  (y/a²)·V2 − (y/a)·V3
I3 = −(y/a)·V2  +  y·V3
```

V2 తన సొంత బస్‌లోని కరెంటును ప్రభావితం చేసేటప్పుడు ట్యాప్‌ను రెండుసార్లు దాటుతుంది: వోల్టేజిగా వెళ్లేటప్పుడు ఒకసారి, కరెంటుగా తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి. వర్గం వచ్చింది అందుకే. ఒక బస్ మరో బస్ మీద చూపే ప్రభావం ఒక్కసారే దాటుతుంది. 3వ బస్ తన మీద తాను చూపే ప్రభావం -j4 దగ్గరే ఆగిపోతుంది, ట్యాప్ జోలికే పోదు. మన అంకెలు వేస్తే y/a² = -j4.4321, y/a = -j4.2105. లైన్ తాలూకు -j9.99 కలుపుకుంటే:

```
        బస్ 1       బస్ 2        బస్ 3
బస్ 1   -j9.99      j10          0
బస్ 2   j10         -j14.4221    j4.2105
బస్ 3   0           j4.2105      -j4
```

రాత్రి ఏ వేళో ఆపరేటర్ ఇంకో మెట్టు కదిపి 10వ నంబరుకు తెస్తే మొత్తం మాత్రిక మళ్లీ కట్టనక్కర్లేదు. a = 0.9375 అవుతుంది. వికర్ణం గడిలోంచి పాత -j4.4321 తీసేసి కొత్త -j4.5511 చేర్చాలి, మధ్య గళ్లు రెండింటిలో j4.2667 రాయాలి. వేల బస్‌లున్న గ్రిడ్‌లోనూ ఒక ట్యాప్ కదలికకు మారేవి ఈ మూడు గళ్లే.

పై మాత్రికను ఏదైనా మామూలు సర్క్యూట్‌గా గీయగలమా అన్నది తర్వాతి ప్రశ్న. గీయగలం, కానీ వచ్చే బొమ్మ కాస్త వింతగా ఉంటుంది. 2, 3 బస్‌ల మధ్య y/a, అంటే -j4.2105 తీగ ఉండాలి. ఇక 2వ బస్ వికర్ణంలో -j4.4321 రావాలంటే ఆ బస్ నుంచి నేలకు -j0.2216 వేలాడదీయాలి. 3వ బస్‌లో -j4 మాత్రమే ఉంది కాబట్టి అక్కడ నేలకు +j0.2105 తగిలించాలి. మొదటిది రియాక్టర్, రెండోది కెపాసిటర్. ఇదే పాఠ్యపుస్తకాల్లో కనిపించే పై-ఈక్వివలెంట్ సర్క్యూట్. నిజానికి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు విప్పి చూస్తే ఏ కెపాసిటరూ దొరకదు. చదువుకునే రోజుల్లో దీన్ని చూసి, ట్యాప్ ఛేంజర్ వోల్టేజి పెంచడానికి రియాక్టివ్ పవర్ పుట్టిస్తుందని నమ్మేవాళ్లు తక్కువేం కాదు.

నమ్మకూడదనడానికి లెక్కే సాక్ష్యం. 3వ బస్‌లో లోడు లేదనుకుని, 2వ బస్ వోల్టేజి సరిగ్గా 1 అనుకుందాం. 3వ బస్ 1.0526 అవుతుంది. అక్కడి ఊహా కెపాసిటర్ 23.33 ఎం.వి.ఎ.ఆర్. ఇస్తుంది. 2వ బస్ దగ్గరి ఊహా రియాక్టర్ 22.16 మింగుతుంది, మధ్యనున్న తీగ మిగిలిన 1.17 తినేస్తుంది. చివరికి మిగిలేది సున్నా. ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో లాగేసుకుంటుంది.

లోడు పెడితే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. 1వ బస్‌ను 1.0 దగ్గర నిలిపి, 3వ బస్ నుంచి 0.2 యూనిట్ల లాగింగ్ కరెంటు లాగుదాం. దాదాపు 20 ఎం.వి.ఎ.ఆర్. లోడు అనుకోవచ్చు. నార్మల్ ట్యాప్ మాత్రికతో సమీకరణాలు విప్పితే 3వ బస్ 0.931, అంటే 30.72 కె.వి. దగ్గర కూలబడుతుంది. ట్యాప్ 9 మాత్రికతో విప్పితే 0.9815, అంటే 32.39 కె.వి. ఒకటిన్నర కె.వి. పైనే లాభం. మరి 2వ బస్ సంగతి? 129.49 నుంచి 129.35కు జారింది. కింద అంతే కరెంటు లాగినా పై నుంచి 1.0526 రెట్లు తెచ్చుకోవాలి కాబట్టి లైన్ మీద భారం పెరిగింది. ట్యాప్ కింది వాళ్ల వోల్టేజిని పై వాళ్ల ఖాతాలోంచి తెచ్చి నిలబెడుతుందన్నమాట. పై వ్యవస్థ బలంగా ఉన్నంతకాలం ఈ జారుడు లెక్కలోకి రాదు. 27 డిసెంబరు 1983న స్వీడన్‌లో ట్రాన్స్‌మిషన్ గ్రిడ్ బలహీనపడ్డాక ట్యాప్ ఛేంజర్లు తమ ధర్మం ప్రకారం కింది వోల్టేజిని, దాంతోపాటు లోడునూ పునరుద్ధరిస్తూ పోయాయి. పై వోల్టేజి మరింత కుంగడానికి అదొక కారణమై, దేశంలో చాలా భాగం చీకటైంది. ఇప్పుడు గడిలో కనిపించిన 0.14 కె.వి. తేడా అలాంటి కథలకు చాలా చిన్న నమూనా.

పద్ధతి తెలిసినా మాత్రిక తప్పు రావడానికి దారులున్నాయి. అన్నిటికంటే మాయదారి తప్పు ట్యాప్‌ను అవతలి బస్ మీద పెట్టేయడం. అప్పుడు 2వ బస్ వికర్ణం -j13.99గానే ఉండి, 3వ బస్ వికర్ణం -j4.4321 అవుతుంది, మధ్య గళ్లు సరిగ్గానే ఉంటాయి. చూపుకు మాత్రిక చక్కగా, రెండు వైపులా సమానంగా ఉంటుంది. ప్రోగ్రామ్ ఏ ఫిర్యాదూ చేయదు. కానీ వోల్టేజి పెంచాల్సిన ట్యాప్ తగ్గిస్తుంది. ఈ తప్పుకు మూలం చాలాసార్లు డేటా ఫైల్ చదవడంలో ఉంటుంది. ఐ.ఇ.ఇ.ఇ. కామన్ డేటా ఫార్మాట్‌లో ఒక్కో శాఖకు మొదట ట్యాప్ ఉన్న బస్, తర్వాత ఇంపీడెన్స్ వైపు బస్ రాయాలని నియమం. మాట్‌పవర్ అనే ప్రోగ్రామ్‌లోనూ ట్యాప్ మొదటి బస్‌దే. నంబర్లు చిన్నది ముందుండాలన్న చక్కదనం కోసం ఎవరైనా 9–4ను 4–9గా తిప్పి రాస్తే నిష్పత్తి దిక్కు మారిపోతుంది. కొన్ని పుస్తకాలు 1:a అని కూడా రాస్తాయి. అప్పుడు సూత్రంలో భాగహారం గుణకారంగా మారుతుంది. ఏ సూత్రం వాడే ముందైనా a ఎటువైపుందో, ఇంపీడెన్స్ ఎటువైపుందో చూడకుండా పెన్ను కదపకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అన్నట్టు మాట్‌పవర్ ఫైళ్లలో మామూలు లైన్ల నిష్పత్తి 0 అని ఉంటుంది. దాన్ని 1గా చదువుకోవాలి. లేకపోతే సున్నాతో భాగహారమే.

రెండో తప్పు వర్గం మర్చిపోవడం: y/a² బదులు అన్నిచోట్లా y/a రాసేయడం.

ఈ రెండింటినీ పట్టుకోవడానికి ఒక పాత చిట్కా ఉంది: లోడు తీసేసి చూడటం. మన మాత్రికలో 3వ బస్ కరెంటును సున్నా చేస్తే మూడో వరుస V3 = 4.2105/4 × V2 అని చెబుతుంది, అంటే 1.0526 రెట్లు. 9వ ట్యాప్‌లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ చేయాల్సింది అదే. ట్యాప్ తప్పు వైపు పెడితే ఇదే వరుస 0.95 రెట్లు అంటుంది, 33 కె.వి. బస్ 31.35 దగ్గర కనిపిస్తుంది. దొంగ దొరికినట్టే. అయితే వర్గం మర్చిపోయిన తప్పు ఈ వలలో పడదు. ఆ తప్పు రెండో వరుసలో ఉంది, మూడో వరుస నిక్షేపంలా ఉంటుంది కాబట్టి నిష్పత్తి 1.0526 అనే వస్తుంది. అందుకే రెండో వరుస కూడా విప్పాలి. సరైన మాత్రికలో ట్యాప్ పదాలు ఒకదాన్నొకటి పూర్తిగా రద్దు చేసుకుంటాయి. V2 = 10/9.99, అంటే 1.001 వస్తుంది. లోడు లేని లైన్ కొసన సొంత కెపాసిటెన్స్ వల్ల కనిపించే స్వల్ప పెరుగుదల అది, ట్యాప్‌తో దానికి సంబంధం లేదు. వర్గం మర్చిపోతే V2 1.0237కు, 135 కె.వి. దాటి లేస్తుంది. ఖాళీగా ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 132 కె.వి. బస్‌ను రెండు శాతం పైకెత్తడమేమిటి? దానికి జవాబు: ఊహా రియాక్టర్ రాయకుండా ఊహా కెపాసిటర్‌ను మాత్రం ఉంచేశాం.

ఇంకో పరీక్ష చాలామంది వాడతారు: ప్రతి వరుసనూ కూడితే నేలకు తగిలించినవి తప్ప మిగిలేది సున్నా కావాలి. ఆఫ్-నామినల్ ట్యాప్ ఉన్న చోట ఈ పరీక్ష అనవసరంగా కంగారు పెడుతుంది. మన మూడో వరుస మొత్తం j0.2105, అక్కడ నేలకు ఏ పరికరమూ లేదు మరి. మాత్రిక తప్పు కాదు, ఆ మిగులు ఊహా కెపాసిటర్‌ది.

సొంతంగా ప్రోగ్రామ్ రాసుకునే విద్యార్థులు దాన్ని సరిచూసుకోవడానికి ఐ.ఇ.ఇ.ఇ. 14 బస్‌ల వ్యవస్థ ఉంది. 1962 నాటి అమెరికన్ ఎలక్ట్రిక్ పవర్ గ్రిడ్‌లో ఒక భాగానికి అది నమూనా. అందులో 5, 6 బస్‌ల మధ్య ట్రాన్స్‌ఫార్మర్ రియాక్టెన్స్ 0.25202, ట్యాప్ 0.932. మధ్య గడిలో j4.2574 రావాలి. ట్రాన్స్‌ఫార్మర్ వల్ల 5వ బస్ వికర్ణానికి -j4.5681, 6వ బస్‌కు -j3.9679 చేరాలి. ఈ మూడూ కుదిరితే మిగతా రెండు ట్యాప్‌లూ కుదురుతాయి.

ఇప్పటిదాకా మాత్రిక వికర్ణానికి అటూ ఇటూ సమానంగా ఉంది. ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ వస్తే ఆ సౌష్ఠవం పోతుంది. అక్కడ a పరిమాణంతో పాటు కోణం కూడా ఉన్న సంఖ్య. ఒక గడిలో a తోనూ, ఎదుటి గడిలో దాని సంయుగ్మంతోనూ భాగించాలి. అటు నుంచి ఇటు వెళ్లేటప్పుడు కోణం ముందుకు జరిగితే, ఇటు నుంచి అటు వచ్చేటప్పుడు వెనక్కి జరుగుతుంది కదా. అలాంటి వ్యవస్థలకు సూటిగా పై-సర్క్యూట్ గీయడం కూడా కుదరదు, మాత్రికే ఆధారం.

ఇక ఈ నమూనాకున్న హద్దు. -j4 మారదని ఇంతసేపూ అనుకున్నాం. కానీ చుట్లు మారితే వైండింగుల మధ్య చెదిరే అయస్కాంత క్షేత్రం కూడా మారుతుంది, దాంతో ఇంపీడెన్స్ కూడా. అందుకే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల నేమ్‌ప్లేట్ మీద నార్మల్ ట్యాప్‌తో పాటు రెండు కొసల ట్యాప్‌ల దగ్గర ఇంపీడెన్స్ ఎంతో విడిగా రాస్తారు. నార్మల్‌కు రెండు మూడు మెట్ల దూరంలో ఆ తేడాను పట్టించుకోకపోయినా వచ్చే ముప్పేం లేదు. 17వ నంబరు దాకా వెళ్లిన ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం a ఒక్కటే మార్చి ఊరుకోకూడదు, నేమ్‌ప్లేట్ చూసి y కూడా మార్చాలి. అప్పుడు ఇంతవరకూ చలించదన్న నాలుగో గడి కూడా కదులుతుంది.